టన్ను చెప్పేది ఒకటి, స్టార్ చెప్పేది మరొకటి
(ప్రసంగ పాఠం)



ఎండాకాలం మొదలయ్యే రోజులలో ఏసీల దుకాణాలలో తరచుగా కనిపించే దృశ్యం ఒకటున్నది. కాస్త అటూ ఇటూగా ఒకే ధరకు రెండు యంత్రాలు పక్కపక్కన వేలాడుతూ ఉంటాయి. ఒకటి ఒక టన్ను, అయిదు స్టార్లది. రెండవది ఒకటిన్నర టన్ను, మూడు స్టార్లది. కొనవచ్చినవారు రెండింటినీ మార్చి మార్చి చూసి "ఈ రెండింటిలో ఏది మంచిది?" అని అడుగుతారు. అమ్మేవాడు ఆ పూట ఏది అమ్ముడుపోవాలో దానిని చూపిస్తాడు. అతడిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. పరుగు పందెంలో గుర్రం వేగాన్ని, అది తినే గడ్డిని ఒకే తక్కెడలో తూచమని అడిగితే ఎవరైనా ఏమి చెప్పగలరు? టన్ను అనేది యంత్రం గంటకు ఎంత వేడిని బయటికి తోయగలదో చెప్పే సంఖ్య. స్టార్ అనేది ఆ తోసే పనికి ఎంత కరెంటు తింటుందో చెప్పే గుర్తు. ఒకటి తక్కువైనచోట రెండవది ఎక్కువైనంత మాత్రాన లోటు తీరదు.

లోటు తీరకపోతే ఏమవుతుందో తెలియడానికి చెన్నైలో పెరంబూరు వైపున్న ఒక ఇంటి సంగతి చూడవచ్చు. మూడంతస్తుల భవనం. పై అంతస్తులో ఒక తెలుగు కుటుంబం. పడకగది పన్నెండు అడుగుల వెడల్పు, పదమూడు అడుగుల పొడవు, అంటే సుమారు 156 చదరపు అడుగులు. నెత్తిన కాంక్రీటు శ్లాబు తప్ప మరొక అంతస్తు లేదు. పడమటి గోడకు నాలుగడుగుల కిటికీ. కొడుకూ కోడలూ కరెంటు బిల్లుకు వెరచి, అయిదు స్టార్లున్న ఒక టన్ను యంత్రాన్ని తెచ్చి బిగించారు. మార్చి నెల హాయిగా గడిచింది. మే నెలలో, తమిళులు అగ్ని నక్షత్రం అని పిలిచే రోజులు వచ్చేసరికి, రాత్రి పదింటికి కూడా గది ఇరవైతొమ్మిది డిగ్రీల నుండి దిగలేదు. "అయిదు స్టార్లంటిరి కదమ్మా, అన్నీ ఆకాశంలోనే ఉన్నాయా?" అని మామగారు కోడలిని అడిగారు. ఆ మాటకు అందరూ నవ్వారు గాని, తరువాత వచ్చిన బిల్లుకు ఎవరూ నవ్వలేదు.

ఇక్కడ ముందుగా టన్ను సంగతి. ఏసీ విషయంలో టన్ను అంటే యంత్రం బరువు కాదు. యంత్రాల చల్లదనం రాకముందు అమెరికాలో మంచుగడ్డలతో గదులను, గోదాములను చల్లబరచేవారు. అక్కడి లెక్కలో ఒక టన్ను, అంటే 907 కిలోల మంచుగడ్డ, ఇరవైనాలుగు గంటలలో పూర్తిగా కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో అదే ఒక టన్ను చల్లదనం. నేటి కొలతలో అది 3,517 వాట్లు. కనుక టన్నులు చదివేటప్పుడు మనసులో పెట్టుకోవలసింది ఒకటే: ఇది గది నుండి వేడిని తోడే బకెట్టు పరిమాణం. బావిలో ఊట ఎక్కువైతే చిన్న బకెట్టుతో ఎంత తోడినా నీటిమట్టం దిగదు. తోడేవాడు ఎంత పొదుపుగా ఊపిరి పీల్చినా అంతే.

మరి ఆ పెరంబూరు గదిలో ఊట ఎంత? సాయంకాలపు లెక్కను చేతివేళ్ళ మీద వేయవచ్చు. పగలంతా ఎండలో కాలిన శ్లాబు ఆ వేడిని కొన్ని గంటలు ఆలస్యంగా లోపలికి వదులుతుంది. ఏ కప్పడమూ లేని కాంక్రీటు శ్లాబు అయితే ఈ కొలతగల గదికి సుమారు 1,300 వాట్లు పైనుండే దిగుతాయి. పడమటి గోడ 400 వాట్లు, తెర వేసిన కిటికీ మరొక 500 వాట్లు ఇస్తాయి. తలుపు సందులలో నుండి వచ్చే బయటి గాలి చెన్నైలో వేడితోపాటు చెమ్మను కూడా తెస్తుంది. ఆ చెమ్మను నీటిగా మార్చి పైపులో వదలడం కూడా ఏసీ పనే, దానికి 400 వాట్లు వేసుకోవాలి. లోపల ముగ్గురు మనుషులుంటే తలకు వంద వాట్ల చొప్పున 300 వాట్లు. దీపం, ఫ్యాను, టీవీ కలిపి 150 వాట్లు. మొత్తం సుమారు 3,050 వాట్లు.

ఒక టన్ను అంటే 3,517 వాట్లు గనుక సరిపోవాలి కదా అనిపిస్తుంది. సరిపోకపోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, దుకాణంలో "ఒక టన్ను" అని పిలిచే యంత్రాలలో చాలావాటి అసలు శక్తి 3,300 నుండి 3,500 వాట్ల మధ్య ఉంటుంది. "ఒకటిన్నర టన్ను" అనేవి కూడా కచ్చితమైన 5,275 వాట్లకు చేరకుండా 4,800, 5,000 దగ్గర ఆగుతాయి. లేబుల్ మీద టన్నుల మాటకన్న వాట్లలో వేసిన సంఖ్యే నిజం చెబుతుంది. రెండవ కారణం ఇంకా ముఖ్యమైనది. ఆ వాట్ల సంఖ్య బయట ముప్పైఅయిదు డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచినది. బయట నలభై డిగ్రీలుంటే యంత్రం వేడిని వదలడానికి మరింత పెనగులాడుతుంది, దాని శక్తి తగ్గుతుంది. ఔట్‌డోర్ యూనిట్‌ను శ్లాబు మీద ఎండలో పెట్టినా, బట్టలారేసే ఇరుకు సందులో పెట్టినా ఇంకా తగ్గుతుంది. ఈ రెండూ కలిసి ఆ గదిలో యంత్రం చేతికి మిగిలేది మూడువేల వాట్ల దరిదాపు. ఊట కూడా అంతే. అంటే వచ్చిన వేడిని వచ్చినట్లు తోయడానికే సరిపోతుంది. అప్పటికే కాలి ఉన్న గోడలనూ మంచాన్నీ బీరువానూ చల్లబరచడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు స్టార్ సంగతి. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఇంధన సామర్థ్య బ్యూరో ఈ లేబుళ్ళను ఇస్తుంది. స్టార్ల వెనుక ఒక సంఖ్య ఉంటుంది, లేబుల్ మీద దానిని ఐ.ఎస్.ఈ.ఈ.ఆర్. అని ముద్రిస్తారు. ఒక యూనిట్ కరెంటు తిని యంత్రం ఒక సీజను మొత్తం మీద సగటున ఎన్ని యూనిట్ల వేడిని బయటికి పంపుతుందో ఆ సంఖ్య చెబుతుంది. 2022 జూలైలో వచ్చిన పట్టిక ప్రకారం స్ప్లిట్ ఏసీకి ఆ సంఖ్య 5.0 గాని అంతకు మించి గాని ఉంటే అయిదు స్టార్లు ఇచ్చేవారు. 3.8 నుండి 4.39 వరకు ఉంటే మూడు స్టార్లు ఇచ్చేవారు. అంటే అదే వేడిని తోయడానికి అయిదు స్టార్లది మూడు స్టార్లదానికన్న సుమారు అయిదవ వంతు తక్కువ కరెంటు తింటుంది. ఇది చిన్న విషయం కాదు.

అయితే ఈ సంఖ్య "సీజను సగటు" అన్న మాట దగ్గర ఆగాలి. ఇరవైనాలుగు నుండి నలభైమూడు డిగ్రీల వరకు బయటి వేడి ఎన్ని గంటలుంటుందో ఒక పట్టిక వేసి, ఏడాదికి 1,600 గంటలు ఏసీ నడుస్తుందని లెక్కగట్టి ఈ సగటు తీస్తారు. రోజుకు ఎనిమిది గంటలు, రెండువందల రోజులన్నమాట. ఆ లెక్కలో మరొక ఊహ దాగి ఉన్నది. గది యంత్రానికి సరిగ్గా తగినదని, ఎక్కువ గంటలు యంత్రం సగం శక్తితోనే నడుస్తుందని ఆ లెక్క అనుకుంటుంది. ఇన్వర్టర్ యంత్రం అసలు పొదుపు చూపించేది ఆ సగం శక్తి దగ్గరే. కంప్రెసర్ మెల్లగా తిరుగుతుంది, ఔట్‌డోర్ యూనిట్ వేడెక్కదు, ఒక యూనిట్‌కు అయిదారు యూనిట్ల వేడి పోతుంది. అదే యంత్రాన్ని పూర్తి శక్తితో పరుగెత్తిస్తే ఒక యూనిట్‌కు మూడున్నర యూనిట్ల వేడి పోవడమే గగనం. అయిదు స్టార్ల యంత్రమైనా అంతే.

పెరంబూరు ఇంట్లో జరిగింది ఇదే. ఒక టన్ను, అయిదు స్టార్ల యంత్రం లేబుల్ మీద 1,600 గంటలకు సుమారు 545 యూనిట్లని ఉంటుంది. ఎనిమిది గంటల రాత్రికి పంచితే మూడు యూనిట్లకు లోపే. ఆ ఇంటి కోడలు ఒక రాత్రి పదింటికి, మరునాడు ఉదయం ఆరింటికి మీటరు అంకెలను రాసుకుని, ఫ్రిజ్జుకు, ఫ్యాన్లకు పోయేది తీసివేసి చూసింది. దాదాపు ఏడు యూనిట్లు తేలింది. లేబుల్ అబద్ధం చెప్పలేదు. అది చెప్పిన గది ఇది కాదు.

అదే గదిలో ఒకటిన్నర టన్ను, మూడు స్టార్ల యంత్రం ఉండి ఉంటే ఏమయ్యేది? దాని శక్తి 5,000 వాట్లు గనుక ఊటను మించి తోడి, గోడలను ముందే చల్లబరచి, ఆ తరువాత సగానికి కాస్త పైన నడిచేది. అక్కడ ఒక యూనిట్‌కు నాలుగు యూనిట్ల వేడి అనుకున్నా, ఆ రాత్రి లెక్క అయిదున్నర, ఆరు యూనిట్ల దగ్గర తేలుతుంది. గది చల్లబడేది, కరెంటు కూడా ఒక పిసరు తక్కువే అయ్యేది. ఈ ఒక్క చోట మూడు స్టార్లది అయిదు స్టార్లదానిని మించింది. దీనివల్ల స్టార్లకు విలువ లేదని ఎవరూ అనుకోరాదు. ఒకటిన్నర టన్నులోనే అయిదు స్టార్లది తెచ్చి ఉంటే అదే రాత్రి నాలుగున్నర యూనిట్లతో గడిచేది. ముందు గదికి తగిన టన్ను, ఆ టన్నులో చేతనైనన్ని స్టార్లు, ఇదీ వరుస. ఈ వరుస తిరగబడితేనే చిక్కు.

యంత్రం చాలలేదా, చెడిపోయిందా అనే అనుమానం కూడా ఇటువంటి ఇళ్ళలో వస్తుంది. మెకానిక్ వచ్చి "గ్యాసు తగ్గింది" అని నింపిపోతాడు, గది అలాగే ఉంటుంది. దీనిని తేల్చుకోవడానికి వంద, రెండువందల రూపాయల థర్మామీటరు చాలు. యంత్రం అరగంట నడిచిన తరువాత, ఇండోర్ యూనిట్ పైన గాలి పీల్చుకునే చోట ఒకసారి, కింద గాలి వదిలే చోట ఒకసారి చూడాలి. తేడా ఎనిమిది నుండి పన్నెండు డిగ్రీలుంటే యంత్రం ఆరోగ్యంగానే ఉన్నట్టు. అయినా గది చల్లబడకపోతే టన్ను చాలలేదని అర్థం. తేడా నాలుగైదు డిగ్రీలకు మించకపోతే ముందు ఫిల్టరు కడగాలి, ఔట్‌డోర్ యూనిట్ రేకుల దుమ్ము దులిపించాలి, అప్పటికీ మారకపోతే గ్యాసు మాట ఎత్తవచ్చు. చలాయింపును పద్దెనిమిది డిగ్రీలకు దించడం వల్ల ఈ యంత్రాలు తొందరగా చల్లబరచవు. చాలని యంత్రం పద్దెనిమిదిలో పెట్టినా, ఇరవైనాలుగులో పెట్టినా అదే పూర్తి శక్తితో పరుగెత్తుతూ ఉంటుంది. చాలిన యంత్రానికి మాత్రం ఆ ఆరు డిగ్రీలు చాలా ఖరీదవుతాయి. 2020 నుండి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలన్నీ మొదట ఇరవైనాలుగు డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా అమర్చి అమ్మాలన్న నియమం అందుకే వచ్చింది.

అలాగని పెద్దది కొంటే పోలేదా అనేవారూ ఉన్నారు. అదే భవనంలో రెండవ అంతస్తులో, అదే కొలతల గదిని లెక్కగడితే కథ వేరు. నెత్తిన ఎండ లేదు గనుక 1,300 వాట్లు పోయాయి. పడమటి ఎండను పక్క భవనం ఆపితే మరొక అయిదారువందలు పోతాయి. మిగిలేది 1,150 నుండి 1,250 వాట్లు. ఇక్కడ ఒక టన్ను యంత్రం సుఖంగా సగం శక్తితో నడుస్తుంది, లేబుల్ మీది సంఖ్యకు దగ్గరగా బిల్లు వస్తుంది. ఇక్కడ ఒకటిన్నర టన్ను పెడితే, ఇన్వర్టర్ ఎంత నెమ్మదించినా ఒక హద్దు కిందికి తగ్గలేక, ఆగి ఆగి నడుస్తుంది. పాత రకం నిలకడ వేగపు యంత్రమైతే అయిదు నిమిషాలు నడిచి పది నిమిషాలు ఆగుతుంది. గాలి చల్లబడుతుంది గాని, చెమ్మ నీరై కారడానికి కావలసిన వ్యవధి దొరకదు. వానాకాలపు చెన్నై రాత్రులలో గది చల్లగానే ఉంటుంది, దుప్పటి మాత్రం తడితడిగా ఒంటికి అంటుకుంటుంది. విశాఖ, కాకినాడ, యానాం వంటి తీరప్రాంతాల నుండి వచ్చినవారికి ఈ చెమట చల్లదనం కొత్తది కాదు.

కనుక ఒకే భవనంలో, ఒకే కొలత గదులకు రెండు వేర్వేరు టన్నులు సరైనవి కావచ్చు. చదరపు అడుగులు మాత్రమే అడిగి టన్ను చెప్పే దుకాణదారును, ఏ అంతస్తు, కిటికీ ఏ దిక్కు, పైన డాబా ఉందా అని ఎదురు అడగాలి. అతడు ఆ ప్రశ్నలను తనంతట తానే అడిగితే ఆ దుకాణం మంచిది.

స్టార్లకు ఎంత ఎక్కువ ధర పెట్టవచ్చునన్నది మాత్రం ఊరిని బట్టి మారుతుంది. ఒకటిన్నర టన్నులో మూడు స్టార్లది లేబుల్ ప్రకారం 1,600 గంటలకు సుమారు వెయ్యి యూనిట్లు, అయిదు స్టార్లది సుమారు 780 యూనిట్లు. తేడా 220 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలని వేసుకుంటే ఏడాదికి 1,760 రూపాయలు. దుకాణంలో ధరల తేడా తొమ్మిదివేలైతే అయిదేళ్ళకు తీరుతుంది. చెన్నైలో 1,600 గంటలు నడవడం వింత కాదు గనుక కొనదగినదే. పైగా తమిళనాడులో బిల్లు రెండు నెలలకొకసారి శ్లాబుల మీద వస్తుంది. ఏసీ యూనిట్లు మిగిలిన వాడకం మీద చివరగా చేరతాయి. అందుచేత వాటిని సగటు ధరకు కాక, ఆ ఇల్లు చేరుకునే పై శ్లాబు ధరకు లెక్కగట్టాలి. అదే కుటుంబపు బంధువులు బెంగళూరులో ఉన్నారనుకుంటే, అక్కడ రాత్రులు చల్లబడతాయి గనుక ఏసీ మార్చి నుండి మే వరకు, అదీ ఏ నాలుగువందల గంటలో నడుస్తుంది. ఆదా ఏడాదికి 440 రూపాయలు. తొమ్మిదివేలు తీరడానికి ఇరవై ఏళ్ళు. అంతకాలం ఆ యంత్రం బతకదు. బెంగళూరువారు మూడు స్టార్లతో నిశ్చింతగా ఉండవచ్చు. చెన్నై బావగారు అయిదు స్టార్లు కొన్నారని ఇక్కడా కొననవసరం లేదు.

స్టార్లను లెక్కపెట్టేటప్పుడు లేబుల్ మీద వాటికి దిగువన ఉండే కాలపరిమితిని కూడా చూడాలి. పట్టిక కొన్నేళ్ళకొకసారి బిగుస్తుంది. 2018 పట్టికలో 4.5 ఉంటే అయిదు స్టార్లు. అటువంటి యంత్రం 2022 జూలై తరువాత నాలుగు స్టార్లకు దిగింది. యంత్రం మారలేదు, కొలబద్ద మారింది. నిల్వ సరుకు తగ్గింపు ధరకు వచ్చినప్పుడు, పాత ఏసీని చేతులు మార్చి కొన్నప్పుడు ఇది మరిచిపోతే మోసపోయామనిపిస్తుంది. విండో ఏసీలకు పట్టికే వేరు. అయిదు స్టార్ల విండో ఏసీ అయిదు స్టార్ల స్ప్లిట్ ఏసీ అంత పొదుపుగా నడవదు. ఈ తికమకలన్నిటికీ విరుగుడు, స్టార్లను వదిలి ఐ.ఎస్.ఈ.ఈ.ఆర్. సంఖ్యను చదవడం.

తిరిగి పెరంబూరు ఇంటికి. కొత్త యంత్రం కొనడానికి వారి చేతిలో డబ్బు లేదు, ఉన్న యంత్రానికి ఏడాది కూడా నిండలేదు. యంత్రాన్ని పెంచలేనప్పుడు ఊటను తగ్గించడమే దారి. వారు మొట్టమాడి అని తమిళ మాటతోనే పిలుచుకునే డాబా మీద, ఆ గదికి నెత్తిన వచ్చే మేరకు, తెల్లని ఎండతిప్పికొట్టే పూత రెండుసార్లు వేయించారు. ఈ పద్ధతిని ప్రోత్సహించడానికి తెలంగాణ ప్రభుత్వం 2023లో ఒక విధానాన్నే ప్రకటించింది. పడమటి కిటికీకి లోపలి తెరను ఉంచి, బయట వెదురు తడికను వేలాడదీశారు. ఎండను గాజు దాటకముందే ఆపడం, దాటిన తరువాత తెరతో కప్పడంకన్న ఎంతో మేలు. పైకప్పు వేడి సగమైనా తగ్గితే 650 వాట్లు, కిటికీ దగ్గర మూడువందలు, వెరసి దాదాపు వెయ్యి వాట్లు ఊట నుండి తగ్గాయి. మిగిలిన రెండువేల వాట్లకు ఆ ఒక టన్ను యంత్రం చాలింది. ఔట్‌డోర్ యూనిట్ రాత్రి పదకొండు దాటేసరికి మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. పూత చాలా పలచనైతే, దుమ్ము పట్టి నల్లబడితే ఈ లాభం తరుగుతుంది, ఏటా ఎండకు ముందు కడగాలి. కోడలు జూన్‌లో మళ్ళీ పదింటికి, ఆరింటికి మీటరు చూసింది. నాలుగు యూనిట్లు.